వార్త ఏడో పేరాలో ఉంది

మీ రిపోర్టును ఎడిటర్ సగానికి కోసేశారని బాధపడుతున్నారా? ఏ సగం పోయిందో ముందు చూడండి.

సూర్యాపేటలో చదువుతున్న ఓ విద్యార్థి ధాన్యం కొనుగోళ్ల మీద రాసిన డ్రాఫ్ట్ ఈ మధ్య నా దగ్గరికొచ్చింది. మొదటి పేరా సాగర్ ఎడమ కాలువ గురించి. రెండోది మిర్యాలగూడ రైస్ మిల్లుల ఘనత. తర్వాత 2016లో సూర్యాపేట జిల్లా కావడం, కోదాడ దాకా బస్సు ప్రయాణం, అక్కడి కొనుగోలు కేంద్రం, ఓ అధికారి మాట. ఏడో పేరాలో, అదీ మధ్యలో, ఓ రైతు చెప్పిన సంగతి: కేంద్రంలో 17 శాతం తేమ చూపిన వడ్లే మిర్యాలగూడ మిల్లులో 19 చూపాయట, 40 కిలోల బస్తాకు రెండు కిలోలు తరుగు తీశారట.

వార్త ఇదే కదా! తేమకు ప్రభుత్వం పెట్టిన పరిమితి 17 శాతం. కేంద్రంలో పాసైన వడ్లు మిల్లు గేటు దగ్గర ఫెయిలయ్యాయన్నమాట. 200 బస్తాలు తోలిన రైతుకు నాలుగు క్వింటాళ్లు పోయినట్టే. 2025-26 సాధారణ రకం మద్దతు ధర 2,369 రూపాయల లెక్కన అది 9,476 రూపాయలు. ఈ లెక్క డ్రాఫ్టులో ఎక్కడా లేదు.

మరి ఏడో పేరాలోకి ఎందుకు పోయింది? అతను తనకు తెలిసిన వరుసలోనే రాసుకుంటూ పోయాడు. రైతు కలిసింది చివర్లో, కాబట్టి రైతు మాటా చివర్లోనే. పైగా ఆ వాక్యంలోని రెండు 'అట'లు చూడండి. నమ్మకం చాలని విషయాన్ని మనం తెలియకుండానే వెనక్కి నెడతాం. ఆ భయం తప్పు కాదు, దాన్ని అక్కడే వదిలేయడం తప్పు.

అందుకే ఆ పేరాను నేను పైకి జరిపి ఊరుకోలేదు. దాని పక్కన ప్రశ్నలు రాసి డ్రాఫ్ట్ తిప్పి పంపాను. తూకం చీటీ చూశావా? రెండు చోట్లా శాంపిల్ ఒకే బస్తాలోంచి తీశారా? మధ్యలో ఎన్ని గంటలు గడిచాయి, వాన పడిందా? మిల్లు వాళ్లేమన్నారు? నేను ఇంజినీరింగ్ చదివినవాణ్ని కాబట్టి ఇంకొకటీ అడిగాను. తేమ మిషన్లలో చాలావరకు గింజల విద్యుత్ గుణాన్ని బట్టి అంచనా వేస్తాయి. గింజ వేడిగా ఉన్నా, మిషన్‌ను సరిచూసి చాలాకాలమైనా అంకె మారుతుంది. కాబట్టి రెండు శాతం తేడా ఒక్కటే మోసానికి రుజువు కాదు. 'మిల్లు దోపిడీ' అని హెడ్డింగ్ పెట్టడం తేలికే, రేపు నిలబెట్టుకోవడమే కష్టం.

అతను మళ్లీ వెళ్లాడు. ఇంకో ఇద్దరు రైతుల చీటీల్లోనూ తరుగు కనిపించింది. మిల్లు వైపు నుంచి మాత్రం జవాబు రాలేదు. ఆ సంగతీ రెండో పేరాలో రాయించాను. తేడాకు కారణం తేలలేదని మూడో పేరాలో ఉంది. బస్సు ప్రయాణం పోయింది. సాగర్ కాలువ ఒక్క వాక్యమై చివరికి చేరింది. దానికి అతను ఇప్పటికీ నొచ్చుకుంటూనే ఉన్నాడు.