పేరుకు 27 శాతం, కట్టేది 20: వెనుకబడిన జిల్లాల పన్ను లెక్క

ఆంధ్రప్రదేశ్ విభజన చట్టంలోని 94వ సెక్షన్ కేంద్రం మీద ఒక బాధ్యత పెట్టింది. రెండు రాష్ట్రాల్లో పరిశ్రమలు పెరిగేందుకు పన్ను ప్రోత్సాహకాలు సహా తగిన ఆర్థిక చర్యలు తీసుకోవాలంది. ఆ హామీకి తగ్గట్టు 2015లో ఆదాయపు పన్ను చట్టంలో రెండు రాయితీలు చేరాయి. వాటిని అందుకునే వెనుకబడిన ప్రాంతాలుగా 2016లో మన రాష్ట్రం నుంచి ఏడు జిల్లాలను ప్రకటించారు. అవి రాయలసీమలోని నాలుగు జిల్లాలు, ఉత్తరాంధ్రలోని శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం.

ఈ రాయితీలు పన్ను రేటును అంగుళం కూడా తగ్గించలేదు. శ్రీకాకుళం కంపెనీకైనా కాకినాడ కంపెనీకైనా చట్టంలో రాసి ఉన్న రేటు ఒకటే. తగ్గించింది ఆ రేటు వేసే ఆదాయాన్ని. ఒకే లాభం వచ్చిన రెండు కంపెనీలు వేర్వేరు పన్ను ఎందుకు కడతాయన్న ప్రశ్నకు జవాబు చాలావరకు ఇక్కడే ఉంది. చట్టపు రేటును పన్ను లెక్క ప్రకారం తేలిన ఆదాయం మీద వేస్తారు. అసలు పడే రేటు అంటే కట్టిన పన్నును ఖాతా పుస్తకాల్లోని లాభంతో భాగిస్తే వచ్చేది. పుస్తకాల్లోని లాభమూ పన్ను లెక్కలోని ఆదాయమూ ఒకటి కావు. వాటి మధ్య ఎడం పెరిగిన కొద్దీ ఈ రెండు రేట్లూ విడిపోతాయి.

ఆ రెండు రాయితీలూ యంత్రాలకు సంబంధించినవే. 2015 ఏప్రిల్ 1 నుంచి 2020 మార్చి 31 లోపు ఈ జిల్లాల్లో కొత్త తయారీ యూనిట్ పెట్టి, కొత్త యంత్రాలు బిగిస్తే, వాటి ఖరీదులో 15 శాతాన్ని ఆదాయం నుంచి అదనంగా మినహాయించుకోవచ్చు. ఇది మొదటిది. రెండోది అదనపు తరుగుదల. మిగతా చోట్ల కొత్త యంత్రాల మీద తొలి ఏడాది 20 శాతం అదనపు తరుగుదల ఇస్తే, ఇక్కడ 35 శాతం ఇచ్చారు. పాత యంత్రాలు, కార్యాలయ సామగ్రి, వాహనాలు ఈ లెక్కలోకి రావు. యంత్రాన్ని అయిదేళ్లలోపు అమ్మేస్తే మొదటి రాయితీ వెనక్కి పోతుంది.

ఇది ఎలా పనిచేసిందో ఊహించిన రెండు కంపెనీలతో 2018-19 సంవత్సరానికి లెక్క వేసి చూడవచ్చు. ఒకటి శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలో, పైడిభీమవరం పారిశ్రామిక వాడ పరిసరాల్లో కొత్త యూనిట్ పెట్టింది. రెండోది కాకినాడ దగ్గర అలాంటి యూనిట్టే పెట్టింది. అప్పటి తూర్పు గోదావరి జిల్లా ఆ ఏడింటిలో లేదు. రెండింటికీ పుస్తకాల్లో లాభం 8 కోట్లు. రెండూ ఏప్రిల్‌లోనే 10 కోట్ల యంత్రాలు బిగించాయి. లెక్క తేలిగ్గా ఉండేందుకు మామూలు తరుగుదల పుస్తకాల్లోనూ పన్ను లెక్కలోనూ సమానమే అనుకుందాం. ఈ స్థాయి టర్నోవరు ఉన్న కంపెనీకి ఆ ఏడాది రేటు 25 శాతం. దాని మీద 7 శాతం సర్‌ఛార్జీ, ఆపైన 4 శాతం సెస్సు కలిస్తే 27.82 శాతం అవుతుంది.

రణస్థలం కంపెనీకి 35 శాతం అదనపు తరుగుదల కింద మూడున్నర కోట్లు, 15 శాతం రాయితీ కింద కోటిన్నర తీసేస్తే పన్ను పడే ఆదాయం 3 కోట్లకు దిగుతుంది. పన్ను 83 లక్షల 46 వేలు. అంటే లాభంలో పదిన్నర శాతం కూడా కాదు. కాకినాడ కంపెనీకి 20 శాతం అదనపు తరుగుదల ఒక్కటే ఉంది కాబట్టి 2 కోట్లు తీసేస్తే ఆదాయం 6 కోట్లు, పన్ను కోటీ 66 లక్షల 92 వేలు. ఇక్కడితో ఆగితే వెనుకబడిన జిల్లాకు వెళ్లిన కంపెనీ సరిగ్గా సగం పన్నుతో బయటపడ్డట్టే.

కానీ లెక్క ఇక్కడ ఆగదు. కనీస ప్రత్యామ్నాయ పన్ను, వాడుకలో మ్యాట్, అడ్డు వస్తుంది. మినహాయింపులన్నీ వాడుకుని పెద్ద లాభాల మీద పన్నే కట్టని కంపెనీలను పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటు ఇది. పుస్తకాల్లోని లాభం మీద కనీసం ఇంత శాతం కట్టాల్సిందే అంటుంది. ఆ ఏడాది అది పద్దెనిమిదిన్నర శాతం; సర్‌ఛార్జీ, సెస్సు కలిపితే 20.59 శాతం. మామూలు లెక్కలో తేలిన పన్ను ఇంతకన్నా తక్కువైతే మ్యాటే కట్టాలి. 8 కోట్ల మీద మ్యాట్ కోటీ 64 లక్షల 69 వేలు. రణస్థలం కంపెనీ 83 లక్షలు కాదు, ఈ మొత్తం కట్టాలి. కాకినాడ కంపెనీ మామూలు పన్ను మ్యాట్ కన్నా కాస్త ఎక్కువే కనుక అది తన కోటీ 66 లక్షల 92 వేలే కడుతుంది. వెనుకబడిన జిల్లాకు వెళ్లినందుకు ఆ ఏడాది చేతిలో మిగిలిన తేడా రెండు లక్షల చిల్లర!

ఇదే 8 కోట్ల లాభంతో ఆ ఏడాది ఒక్క కొత్త యంత్రమూ కొనని మూడో కంపెనీ ఉంటే, అది 2 కోట్ల 22 లక్షల 56 వేలు కట్టాలి. అంటే పన్నును తగ్గించింది యంత్రాలు కొనడమే తప్ప అవి ఏ జిల్లాలో ఉన్నాయన్నది కాదు. జిల్లా పేరుతో ఇచ్చిన ప్రయోజనాన్ని మ్యాట్ దాదాపుగా మింగేసింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. రణస్థలం కంపెనీ ఎక్కువగా కట్టిన 81 లక్షలు పూర్తిగా పోలేదు. దాన్ని మ్యాట్ క్రెడిట్‌గా 15 ఏళ్ల వరకు ముందుకు తీసుకుపోవచ్చు. మామూలు పన్ను మ్యాట్‌ను దాటిన సంవత్సరాల్లో, దాటిన మేరకు తగ్గించుకోవచ్చు. అయితే మూడున్నర కోట్ల అదనపు తరుగుదల కూడా ముందుగా వాడుకున్న తరుగుదలే. ఆ మేరకు తర్వాతి ఏళ్లలో తరుగుదల తగ్గి పన్ను పెరుగుతుంది. తిరిగి ఇవ్వక్కర్లేని అసలు రాయితీ 15 శాతం మినహాయింపు ఒక్కటే. దాని విలువ కోటిన్నర మీద 27.82 శాతం, అంటే దాదాపు 42 లక్షలు. పది కోట్ల యంత్రానికి నాలుగు శాతం చిల్లర, అది కూడా ఏళ్ల తరబడి విడతలుగా. నౌకాశ్రయానికీ, నిపుణులకూ, విడిభాగాల మార్కెట్‌కూ దూరంగా వచ్చే పారిశ్రామికవేత్తను ఒప్పించడానికి ఇది చాలదు.

పోలిక కావాలంటే ఉత్తరాఖండ్, హిమాచల్‌లను చూడాలి. అక్కడ ఒకప్పుడు కొత్త యూనిట్లకు మొదటి అయిదేళ్లు లాభంలో నూరు శాతం, తర్వాతి అయిదేళ్లు కంపెనీలకు 30 శాతం మినహాయించారు. మ్యాట్ వాటికీ ఉన్నా, యంత్రం ఖరీదుతో సంబంధం లేకుండా మొత్తం లాభానికి ఇచ్చిన మినహాయింపు అది. ప్రత్యేక హోదా గురించి ఇక్కడ మాట్లాడినప్పుడు పారిశ్రామిక వర్గాల మనసులో ఉన్నది ఆ స్థాయి రాయితీ.

2019 సెప్టెంబర్ 20న కేంద్రం తెచ్చిన ఆర్డినెన్స్ ఈ లెక్కను ఇంకో మలుపు తిప్పింది. మినహాయింపులు వదులుకునే కంపెనీకి 22 శాతం రేటు ఇచ్చింది. అన్నీ కలిపి 25.17 శాతం. మ్యాట్ ఉండదు. వదులుకోవాల్సిన జాబితాలో వెనుకబడిన జిల్లాల 15 శాతం మినహాయింపు, అదనపు తరుగుదల రెండూ ఉన్నాయి. అంతేకాదు, కొత్త రేటులోకి మారితే మిగిలి ఉన్న మ్యాట్ క్రెడిట్ పోతుందని ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆ అక్టోబర్‌లోనే స్పష్టం చేసింది. రణస్థలం కంపెనీ మారితే 81 లక్షల క్రెడిట్ వదులుకోవాలి. మారకపోతే అది తీరేదాకా పాత రేటులోనే కట్టాలి. అదే ఆర్డినెన్స్ కొత్తగా పుట్టిన తయారీ కంపెనీలకు 15 శాతం, అన్నీ కలిపి 17.16 శాతం రేటు ఇచ్చింది. ఉత్పత్తి మొదలుపెట్టడానికి మొదట 2023 మార్చి వరకు ఇచ్చిన గడువును తర్వాత 2024 మార్చి దాకా పెంచారు. ఆ రేటు దేశమంతటికీ ఒకటే. బొబ్బిలి గ్రోత్ సెంటర్‌లో పెట్టినా చెన్నై శివారులో పెట్టినా అంతే. ఆ రోజుతో వెనుకబడిన జిల్లా అన్న మాటకు పన్ను లెక్కలో మిగిలిన కాస్త బరువూ పోయింది.

చట్టపు రేటుకూ అసలు రేటుకూ మధ్య తేడాకు ఇంకా కారణాలున్నాయి. ప్రత్యేక ఆర్థిక మండలిలోని యూనిట్లకు ఎగుమతి లాభాల మీద మొదటి అయిదేళ్లు పూర్తిగా, తర్వాతి అయిదేళ్లు సగం మినహాయింపు ఉండేది. 2020 తర్వాత మొదలైన యూనిట్లకు అది లేదు. గరివిడి, బొబ్బిలి పరిసరాల ఫెర్రో అల్లాయ్ పరిశ్రమలు కరెంటు ఛార్జీల భారంతో ఉత్పత్తి ఆపిన సందర్భాలున్నాయి. అలాంటి ఏళ్లలో వచ్చిన వ్యాపార నష్టాన్ని తర్వాతి ఎనిమిదేళ్ల లాభాల నుంచి తీసేసుకోవచ్చు. అందుకే కోలుకున్న కంపెనీ లాభం చూపిస్తూనే తక్కువ పన్ను కట్టడంలో తప్పేమీ లేదు. దీనికి ఎదురు దిశలో సామాజిక బాధ్యత కింద పెట్టిన ఖర్చును పన్ను లెక్కలో ఒప్పుకోరు. దాంతో అసలు రేటు చట్టపు రేటును దాటిపోవచ్చు. ఇక పలాసలో జీడిపప్పు వ్యాపారాన్ని భాగస్వామ్య సంస్థగా నడిపేవారికి 22 శాతం రేటు అందుబాటులోనే లేదు. భాగస్వామ్య సంస్థకు 30 శాతమే.

నమోదైన కంపెనీల విషయంలో ఈ తేడాను పాఠకులే పట్టుకోవచ్చు. వార్షిక నివేదికలో పన్ను మీద ఉండే నోట్‌లో ఒక సమన్వయ పట్టిక ఉంటుంది. పన్నుకు ముందు లాభాన్ని చట్టపు రేటుతో గుణించి మొదలుపెట్టి, ఒక్కో కారణానికి ఎంత తగ్గిందో, ఎంత పెరిగిందో చూపిస్తూ చివరి అంకెకు వస్తుంది. కానీ ఆ చివరి అంకె కూడా ఖజానాకు చేరిన డబ్బు కాదు. ముందు ముందు కట్టాల్సిన పన్ను, ఆశిస్తున్న క్రెడిట్ కూడా అందులో కలుస్తాయి. రణస్థలంలో ప్లాంట్లున్న డాక్టర్ రెడ్డీస్ 2019-20 ఏకీకృత ఖాతాల్లో పన్నుకు ముందు లాభం కన్నా పన్ను తర్వాత లాభమే ఎక్కువగా కనిపించింది. మ్యాట్ క్రెడిట్‌ను ఆస్తిగా గుర్తించడం అందుకు ఒక కారణం. నిజంగా కట్టిన సొమ్ము నగదు ప్రవాహ పట్టికలో ఉంటుంది. ఒక్క ఏడాది కాకుండా అయిదేళ్ల నగదు పన్నును అయిదేళ్ల లాభంతో భాగిస్తే అసలు రేటు తేటపడుతుంది. 2021లో 130కి పైగా దేశాలు ఒప్పుకున్న ప్రపంచ కనీస పన్ను కూడా 15 శాతాన్ని చట్టపు రేటుతో కాకుండా అసలు రేటుతోనే కొలుస్తుంది.

ఉత్తరాంధ్రకు మళ్లీ పన్ను రాయితీ అడిగే నాయకులు, పారిశ్రామిక సంఘాలు 2015 నాటి రూపాన్నే అడగకూడదు. యంత్రం ఖరీదును బట్టి ఇచ్చే రాయితీ మందుల కంపెనీకి పనికొస్తుంది కానీ, మనుషుల మీద నడిచే నెల్లిమర్ల జూట్ మిల్లు లాంటి వాటికి అంతగా ఉపయోగపడదు. కొత్తగా చేర్చుకున్న కార్మికుల జీతాల ఖర్చులో 30 శాతాన్ని మూడేళ్లపాటు అదనంగా మినహాయించే ఏర్పాటు చట్టంలో ఉంది. 22 శాతం రేటు ఎంచుకున్న కంపెనీలకు కూడా దాన్ని ఉంచారు. నెల జీతం 25 వేలు దాటని ఉద్యోగులకే అది వర్తిస్తుంది. ఈ జిల్లాల్లో ఆ శాతాన్ని పెంచమని, పాత పద్ధతిలో ఉన్న కంపెనీలకు ఆ మేరకు మ్యాట్ అడ్డు రాకుండా చూడమని అడగాలి.