3+0 పక్కన పెట్టండి: ఫోన్‌లో చెస్ నేర్చుకోవాలంటే 15+10 ఆడాల్సిందే

మన రాయలసీమలో ఏప్రిల్, మే నెలల్లో పొద్దున పదింటికి ఇంట్లోకొచ్చిన పిల్లాడు సాయంత్రం ఐదు దాటేదాకా బయట అడుగు పెట్టడు. కర్నూలైనా కడపైనా ఇదే కథ. ఆ ఏడు గంటల్లో ఫోన్‌లో చెస్ ఆడుతున్నాడంటే అమ్మానాన్నలకు సంతోషమే. రోజుకు ముప్పై గేమ్‌లు ఆడేస్తున్నాడు కూడా. కానీ మూడు నెలల తర్వాత చూస్తే రేటింగ్ ఎక్కడ మొదలైందో అక్కడే ఉంటుంది. చాలామంది దీన్ని తెలివితేటల సమస్య అనుకుంటారు. నా అభిప్రాయంలో ఇది సెట్టింగ్ సమస్య. యాప్ తెరవగానే కనిపించే 3+0 బటన్ నొక్కడమే అసలు తంటా.

ఆ రెండు అంకెల్లో ఏముంది?

మొదటి అంకె మీకిచ్చే నిమిషాలు. రెండోది ఇంక్రిమెంట్, అంటే ప్రతి ఎత్తు వేశాక మీ గడియారంలో తిరిగి కలిసే సెకన్లు. 3+0 అంటే మొత్తం ఆటకు మూడు నిమిషాలే, తిరిగొచ్చేది ఏమీ లేదు. 15+10 అంటే పదిహేను నిమిషాలు, పైగా ఎత్తుకు పది సెకన్లు. నలభై ఎత్తుల ఆట అనుకుంటే మొదటిదాంట్లో ఎత్తుకు నాలుగున్నర సెకన్లు దొరుకుతాయి. రెండోదాంట్లో ముప్పై రెండు సెకన్లు దొరుకుతాయి. ప్రత్యర్థి ఏం చేయబోతున్నాడో చూసుకోవడానికి నాలుగున్నర సెకన్లు చాలవు. అలవాటైన ఎత్తు వేసేయడానికి మాత్రమే సరిపోతాయి.

ఈ 15+10 నేను కనిపెట్టింది కాదు. ఫిడే ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్‌షిప్ ఈ టైమ్‌తోనే జరుగుతుంది. మన కోనేరు హంపి 2019లో మాస్కోలో, మళ్ళీ 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో గెలిచిన టైటిల్ ఇదే. ఇంకో సంగతి చూడండి. అక్కడ బ్లిట్జ్ ఛాంపియన్‌షిప్ కూడా 3+0 కాదు, 3+2. ప్రపంచంలో అత్యంత వేగంగా ఆడగలిగే వాళ్ళకే ఎత్తుకు రెండు సెకన్లు తిరిగిస్తున్నారు. గెలిచే పొజిషన్‌లో ఉన్నవాడు కేవలం గడియారం వల్ల ఓడిపోకూడదని ఆ ఏర్పాటు. మరి నిన్న మొన్న నేర్చుకున్న మనం సున్నా ఇంక్రిమెంట్‌తో ఎందుకు కుస్తీ పడాలి?

మనకు ఇంకో కారణం కూడా ఉంది, అది నెట్‌వర్క్. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప పోయే బస్సులో కూర్చుని ఆడి చూడండి. ఊళ్ల మధ్య సిగ్నల్ గీతలు ఎక్కుతూ దిగుతూ ఉంటాయి. ఎత్తుకు సగటున 0.3 సెకను పోయిందనుకుందాం. నలభై ఎత్తులకు 12 సెకన్లు. మూడు నిమిషాల్లో 12 సెకన్లంటే దాదాపు ఏడు శాతం. అదే 15+10లో మీకు దొరికే 1300 సెకన్లలో అది ఒక శాతం కూడా కాదు. లీచెస్ లాంటివి నెట్ ఆలస్యాన్ని కొంతవరకు లెక్కేసి వెనక్కిస్తాయి గానీ, సిగ్నల్ పూర్తిగా పడిపోతే అవీ ఏం చేయలేవు. ఫోన్ మార్చినా పెద్ద తేడా రాదు. చెస్ కోసం గేమింగ్ ఫోన్ కొనడం దండగ, పదివేల ఫోన్ ధారాళంగా సరిపోతుంది. డబ్బు పెట్టాలనుకుంటే ఇంట్లో మంచి వైఫై మీద పెట్టండి.

రేటింగ్ మార్కుల షీట్ కాదు

"మావాడు ఆన్‌లైన్‌లో 1600" అని చెప్పుకునే ముందు ఏ యాప్‌లో, ఏ టైమ్‌లో అని అడగాలి. లీచెస్‌లో కొత్త ఖాతా 1500 దగ్గర మొదలవుతుంది. చెస్.కామ్‌లో ఖాతా తెరిచేటప్పుడు మీ స్థాయి ఏంటో మీరే ఎంచుకుంటారు, దాన్నిబట్టి మొదటి అంకె వస్తుంది. ఆడేవాళ్ళు వేరు, మొదలయ్యే చోటు వేరు. అందుకే ఒకచోట 1600ని ఇంకోచోట 1600తో పోల్చడం కుదరదు. ఒకే యాప్‌లో కూడా బ్లిట్జ్ రేటింగ్ వేరు, ర్యాపిడ్ రేటింగ్ వేరు.

పేర్లు కూడా మోసం చేస్తాయి. 10+0 ఆటను యాప్‌లు ర్యాపిడ్ కింద లెక్కేస్తాయి. ఫిడే నిబంధనల్లో పది నిమిషాలు, అంతకన్నా తక్కువ ఉంటే అది బ్లిట్జ్. వాళ్ళ ర్యాపిడ్ పది నిమిషాలు దాటాకే మొదలవుతుంది. ఇంక్రిమెంట్‌ను 60 ఎత్తులకు లెక్కగట్టి కలుపుతారు, ఆ లెక్కన 15+10 ఇరవై ఐదు నిమిషాల ఆట. అంటే యాప్‌లో ర్యాపిడ్ 1700 ఉన్న పిల్లాడు నిజానికి ర్యాపిడ్ ఒక్కటీ ఆడి ఉండకపోవచ్చు. వాడు టోర్నమెంట్‌కి వెళ్తే అక్కడ అన్‌రేటెడ్. ఫిడే రేటింగ్ రావాలంటే రేటింగ్ ఉన్నవాళ్ళతో కనీసం ఐదు గేమ్‌లు ఆడాలి. 2024 మార్చి నుంచి ఆ రేటింగ్‌లో అన్నిటికన్నా కింది మెట్టు 1400.

ఆన్‌లైన్ రేటింగ్ వెనక నడిచే లెక్క పేరు గ్లికో. ఫిడే వాడే ఎలోకి ఇది తమ్ముడు లాంటిది. ఎలోలో మీకు ఒకే అంకె ఉంటుంది. గ్లికోలో అంకెతో పాటు "ఈ అంకె మీద నాకెంత అనుమానం" అనే లెక్క కూడా నడుస్తుంది. కొత్త ఖాతాలో అనుమానం ఎక్కువ, కాబట్టి ఒక్క ఓటమికే వంద దాటి పడిపోవచ్చు. లీచెస్‌లో అంకె పక్కన ప్రశ్నార్థకం కనిపిస్తోందంటే ఇంకా అనుమానం తీరలేదని అర్థం. అది పోయేదాకా ఆ అంకె గురించి సంతోషమూ వద్దు, బాధా వద్దు. ఆ తర్వాత సమానమైనవాడితో గెలిచినా ఓడినా కొద్ది పాయింట్లే కదులుతాయి. కానీ వరసగా ఎనిమిది ఓడితే ఇట్టే యాభై పోతాయి. ఎనిమిది ఓటములు వరసగా రావడానికి ఆట మర్చిపోవాల్సిన పనిలేదు, రాత్రి పదకొండుకి నిద్రమత్తులో 3+0 ఆడితే చాలు. కాబట్టి యాభై పాయింట్ల తేడాను చూసి పిల్లాడిని మెచ్చుకోకండి, తిట్టకండి. నెలకోసారి గ్రాఫ్ చూస్తే చాలు.

ఓడిన గేమ్‌లో ఎక్కడ చూడాలి

చాలా లూడో యాప్‌లలో ఓడిపోతే ఆట అక్కడితో సరి. చెస్ యాప్ మాత్రం ప్రతి ఎత్తునూ, దానికి పట్టిన సెకన్లనూ దాచిపెడుతుంది. ఈ రెండోదాన్ని దాదాపు ఎవరూ చూడరు. నేను చెప్పదలచుకున్న అసలు విషయం అదే. కొత్తవాళ్ళు నల్లపావులతో తరచుగా ఓడిపోయే ఈ ఆట చూడండి.

```
1. e4 e5 2. Nf3 Nc6 3. Bc4 Nf6 4. Ng5 d5
5. exd5 Nxd5 6. Nxf7 Kxf7 7. Qf3+ Kg8 8. Bxd5+
```

దీన్ని కంప్యూటర్ విశ్లేషణకి ఇస్తే నలుపు ఏడో ఎత్తు దగ్గర, `Kg8` మీద, పెద్ద ఎర్ర గుర్తు పడుతుంది. నిజమే, ఆ తర్వాత చెక్‌మేట్ తప్పదు. మంత్రితో ఆ ఒంటెను కొట్టినా రెండు ఎత్తులు ఆలస్యమవుతుందంతే. మనవాడు ఏం చేస్తాడు? "ఓహో, రాజుని `Ke6` కి జరపాల్సింది" అనుకుని యాప్ మూసేస్తాడు. అది సరైన ఎత్తే. d5 మీదున్న గుర్రానికి కాపు ఉంటుంది, ఆట కష్టంగానైనా నడుస్తుంది. కానీ రాజు బోర్డు మధ్యకొచ్చి నిలబడ్డ పొజిషన్ మళ్ళీ ఎప్పుడొస్తుంది? ఆ పాఠం రేపటి ఆటకు పనికిరాదు.

ఇప్పుడు ఎత్తుల పక్కనున్న సెకన్లు చూడండి. 3+0లో `5...Nxd5` కి సాధారణంగా ఒక సెకను పడుతుంది. వాడు బంటు కొట్టాడు, నేను తిరిగి కొట్టాను, అంతే. ఆలోచన లేదు. అసలు తప్పు అక్కడే జరిగింది. ఆ ఎత్తుకి ముందు ఒక్క ప్రశ్న వేసుకోవాలి: నేను కొట్టాక వాడి దగ్గర ఏ చెక్‌లు, ఏ కొట్టుళ్ళు ఉన్నాయి? g5 గుర్రం f7 బంటును కొట్టి మంత్రినీ ఏనుగునూ ఒకేసారి బెదిరిస్తుంది. రాజుతో దాన్ని తీస్తే, c4లో ఉన్న ఒంటెకీ రాజుకీ మధ్య మన d5 గుర్రం ఇరుక్కుంటుంది. ఆ పైన మంత్రి చెక్. ఇది పదిహేను సెకన్లు పెడితే కనిపించే సంగతి. అప్పుడు `5...Na5` అని ఒంటెనే బెదిరించవచ్చు. ఒక బంటు పోయినా రాజు భద్రంగా ఉంటాడు.

అందుకని ఓడిన ఆటని ఇలా చూడమంటాను. మొదట కంప్యూటర్ ఆపేసి, మీకు మీరుగా ఆట ఎక్కడ చెడిందో వెతకండి. తర్వాత విశ్లేషణ అడగండి. లీచెస్‌లో ఇది ఉచితం, పని వాళ్ళ సర్వర్ మీద జరుగుతుంది కాబట్టి మీ ఫోన్ వేడెక్కదు. `Learn from your mistakes` నొక్కితే తప్పు జరిగిన పొజిషన్ ఇచ్చి మీతోనే సరైన ఎత్తు వెతికిస్తుంది. చివరగా ఎర్ర గుర్తు నుంచి వెనక్కి నడుస్తూ, మూడు సెకన్లలోపు వేసిన మొదటి ముఖ్యమైన ఎత్తు దగ్గర ఆగండి. దాని గురించి నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాయండి. పది గేమ్‌లయ్యాక ఆ పది వాక్యాలు చదివితే ఆరేడు ఒకేలా ఉంటే, ఏం దిద్దుకోవాలో మీకే తెలిసిపోతుంది.

3+0 ఆటకు ఇది ఎందుకు కుదరదంటే, అందులో ప్రతి ఎత్తూ మూడు సెకన్ల ఎత్తే. తొందరపడ్డ చోటుకీ ఆలోచించినా తప్పిన చోటుకీ తేడా కనిపించదు. 15+10లో ఆ తేడా గడియారంలోనే రాసి ఉంటుంది.

"అంత టైమ్ ఎక్కడుంది?" అని అడుగుతారు. నలభై ఎత్తుల 15+10 ఆటకు ఇద్దరూ టైమంతా వాడితే నలభై మూడు నిమిషాలు. గంటలో ఒక ఆట, పదిహేను నిమిషాల విశ్లేషణ అయిపోతాయి. అదే గంటలో 3+0 పది ఆటలు పడతాయి, ఒక్కటీ వెనక్కి చూడరు. అంత కుదరని రోజు 10+5 ఆడండి, కానీ ప్లస్ పక్కన సున్నా ఉండనివ్వకండి. సరదాకి బ్లిట్జ్ కావాలంటే 3+2 ఉంది. ఇప్పుడే యాప్ తెరిచి సెట్టింగ్స్‌లో `Move confirmation` కూడా ఆన్ చేసుకోండి. వేలు జారి పోయిన మంత్రి నుంచి నేర్చుకునేది ఏమీ ఉండదు.