మండే చేతులకు తడి లెక్క

మదనపల్లె టమోటా మార్కెట్‌కు దగ్గర్లో ఒక చిన్న మెస్. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం సంగటి. లారీలకు బుట్టలెత్తే కూలీలే ఎక్కువగా తింటారు. సంగటి ముద్ద వడ్డిస్తున్న అక్క చేతులు చూస్తే, వేళ్ల కణుపుల మీద చర్మం ఎండిన చెరువులా పగిలి ఉంది. రెండు పగుళ్లలో ఎర్రగా నెత్తురు కనిపిస్తోంది.

''ఏం అక్కా, చేతులిట్లా అయినాయి?'' అనడిగితే నవ్వేసింది. ''ఏం చెప్పేది సార్. పగలంతా దురద, రాత్రయితే మంట. ఉప్పు పట్టుకుంటే ప్రాణం పోతాది. ఒంట్లో వేడి అన్నారు, వంకాయ మానేసినా. మందుల షాపులో ట్యూబ్ ఇచ్చినారు. పూస్తే నాలుగు రోజులు బాగుంటాది, మళ్లీ మొదలు.''

ఆమె మానాల్సింది వంకాయ కాదు. ఇది ఒంట్లో వేడీ కాదు, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బూ కాదు. డాక్టర్లు దీన్ని హ్యాండ్ డెర్మటైటిస్ అంటారు. అంట్లు తోమేవాళ్లలో, బట్టలుతికేవాళ్లలో, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది.

గోడ... సున్నం

మన చర్మం పైపొరను ఇటుక గోడ అనుకోండి. కణాలు ఇటుకలైతే, వాటి మధ్య ఉండే కొవ్వు సున్నం లాంటిది. లోపలి తేమ బయటికి పోకుండా, బయటి ఘాటు లోపలికి రాకుండా ఆపేది ఈ గోడే. గిన్నెకు అంటిన నూనె జిడ్డును వదిలించే సబ్బుకు, చేతి చర్మంలోని కొవ్వుకు తేడా తెలియదు. రెండింటినీ కడిగేస్తుంది.

ఒకసారి కడిగితే నష్టం లేదు. కొన్ని గంటల్లో చర్మం తన కొవ్వును మళ్లీ తయారు చేసుకుంటుంది. ఆ గంటలు దొరక్కపోవడమే అసలు సమస్య. తడిసి, ఆరి, మళ్లీ తడిసే చేతిలో గోడ పూర్తిగా కట్టుకోకముందే కూలుతుంది. బోరు నీళ్లు గట్టిగా ఉన్నచోట నురగ సరిగా రాదు కాబట్టి సబ్బు ఇంకొంచెం ఎక్కువ పడుతుంది. దానికి తోడు చలికాలం పొడిగాలి. ఇక టమోటా పులుపు, వెల్లుల్లి ఘాటు తిన్నగా లోపలికి వెళ్తాయి.

మొదటి గుర్తు ఎక్కడో తెలుసా? ఉంగరం కింద, వేళ్ల సందుల్లో. సబ్బు నీళ్లు నిలిచిపోయే చోట్లు అవే.

ఒక రోజు లెక్క

రోజుకు రెండు గంటలకు మించి చేతులు తడిలో ఉన్నా, ఇరవై సార్లకు మించి కడిగినా చర్మానికి ప్రమాదమేనని నిపుణుల కొలత. మన అక్క లెక్క చూద్దాం. ఇడ్లీ పాత్రలకు గంట, మధ్యాహ్నం తపేలాలూ ప్లేట్లూ తోమడానికి గంటన్నర, రాత్రికి మరో గంట. మొత్తం మూడున్నర గంటలు. వడ్డన మధ్యలో చేతులు కడుక్కున్నవి ఇరవై పైనే. అలాంటప్పుడు ట్యూబ్ ఒక్కటే ఏం చేస్తుంది?

''పని మానేయండి'' అనడం తేలిక. మానేస్తే మెస్ మూతపడుతుంది. కాబట్టి తడి గంటలు తగ్గించడమే మార్గం. చర్మ వైద్యుల సలహాతో ఆమె చేసిన మార్పులు ఇవీ...

అడుగంటిన సంగటి తపేలాను వెంటనే స్టీలు పీచుతో రుద్దడం మానేసింది. నీళ్లు పోసి గంటసేపు నానబెడితే మాడు దానంతటదే వదులుతోంది. వచ్చిన ప్లేటు వచ్చినట్టే కడగకుండా పోగేసి, రోజుకు రెండే విడతల్లో తోముతోంది. అంట్ల సబ్బును చేత్తో పట్టుకోకుండా బేసిన్‌లో కలిపి, పిడి ఉన్న బ్రష్ వాడుతోంది. ఉంగరం తీసి దేవుడి గూట్లో పెట్టింది.

తర్వాత గ్లోవ్స్. ఉత్త రబ్బరు గ్లోవ్స్ తొడిగితే లోపల చెమట పట్టి, అదీ తడి కిందికే వస్తుంది. అందుకే ముందు పలుచటి నూలు గ్లోవ్స్, వాటిమీద రబ్బరువి వేసుకోవాలి. చేతులు పూర్తిగా ఆరాకే తొడగాలి. పావుగంట, ఇరవై నిమిషాలకోసారి తీసి గాలి తగలనివ్వాలి. చిల్లి పడితే పారేయాలి. లోపలికి చేరిన సబ్బు నీళ్లు అక్కడే నిలిచి, వట్టి చేతికన్నా ఎక్కువ చెరుపు చేస్తాయి.

చేతులు కడిగిన ప్రతిసారీ మెత్తని గుడ్డతో అద్ది, చెమ్మ పూర్తిగా ఆరకముందే వాసన లేని పెట్రోలియం జెల్లీ పలుచగా రాయాలి. పడుకునే ముందు కాస్త మందంగా రాసి నూలు గ్లోవ్స్ తొడుక్కోవాలి.

మూడో వారానికి పగుళ్లు మూసుకున్నాయి. ''నయమైపోయింది'' అని అక్క గ్లోవ్స్ పక్కన పడేసింది. రెండు రోజుల్లో మంట మళ్లీ వచ్చింది. అందరూ చేసే పొరపాటే ఇది. పైకి నున్నగా కనిపించినా లోపల గోడ గట్టిపడటానికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది. అన్నాళ్లూ జాగ్రత్త తప్పదు.

శానిటైజర్ మండితే...

కుప్పంలో ఒక ఆసుపత్రిలో పనిచేసే ఆయమ్మది వేరే కథ. 2020 కరోనా రోజుల్లో అలవాటైన శానిటైజర్ ఆమె ఇప్పటికీ వదల్లేదు. చేతులు సబ్బుతో కడిగి, ఆ వెంటనే శానిటైజర్ కూడా రాస్తుంది. ''పగుళ్ల మీద పడితే నిప్పే. నాకది పడదు'' అని ఆమె నమ్మకం.

పగిలిన చర్మం మీద ఆల్కహాల్ ఎవరికైనా మండుతుంది. అది అలర్జీ అనడానికి గుర్తు కాదు. నిజానికి గ్లిజరిన్ కలిసిన శానిటైజర్ సబ్బుకన్నా చర్మానికి తక్కువ హాని చేస్తుంది. చేతికి మురికి కనబడితే సబ్బు, లేదంటే శానిటైజర్. రెండూ ఒకదాని వెంట ఒకటి అక్కర్లేదు. శానిటైజర్ ఆరకముందే గ్లోవ్స్ తొడగడం ఇంకా చెరుపు.

ఇది అదేనా?

పుంగనూరులో పాల క్యాన్లు కడిగే వదిన ఒకామె గ్లోవ్స్ మొదలుపెట్టాకే దురద పెరిగిందంది. చూస్తే మణికట్టు దగ్గర, గ్లోవ్స్ అంచు ఎక్కడ ఆగుతుందో సరిగ్గా అక్కడే ఎర్రటి గీత. అది రబ్బరులో కలిపే రసాయనాల అలర్జీ కావచ్చు. ప్యాచ్ టెస్ట్‌లో తేలుతుంది. అలాంటివాళ్లు రబ్బరుకు బదులు వినైల్ గ్లోవ్స్ వాడుకోవాలి.

రాత్రిపూట దురద ఎక్కువై, ఇంట్లో మిగతావాళ్లూ గోక్కుంటుంటే గజ్జి కావచ్చు. ఒక్క అరచెయ్యే పొట్టు రాలుతూ, రెండు పాదాలూ అలాగే ఉంటే ఫంగస్ కావచ్చు. చీము, పసుపురంగు పక్కు, జ్వరం కనిపిస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించాలి.

ఇక అక్క చెప్పిన ట్యూబ్ సంగతి. షాపుల్లో అడగ్గానే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో ఘాటైన స్టెరాయిడ్‌తో పాటు ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిసి ఉంటాయి. డాక్టర్ చెప్పిన స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ చెప్పినన్నాళ్లు వాడితే మంచి మందే. నెలల తరబడి సొంతంగా పూస్తే చర్మం పలుచబడుతుంది. ఫంగస్ ఉంటే పైకి కనబడకుండా లోలోపల ముదురుతుంది.

మొన్న మళ్లీ మెస్‌కు వెళ్తే అక్క గోడ మీద రెండు జతల గ్లోవ్స్ ఆరేసి ఉన్నాయి. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి, పప్పు పోసి, ఉప్పు తానే వేసి ప్లేటు ముందుకు తోసింది.