ఒక్క దయ చాలు

మా బాబాయిది జగ్గయ్యపేట దగ్గర పల్లె. చేను సరిహద్దు కొలిపించమని తహసీల్దారు గారికి అర్జీ రాసుకుని, నందిగామలో ఉన్న మా ఇంటికి పట్టుకొచ్చాడు. "అమ్మాయ్, తప్పులుంటే దిద్ది పెట్టు. నా మాటలు మాత్రం మార్చొద్దు" అన్నాడు.

అసలు వాక్యం ఇదీ: "తమరు దయచేసి నాయందు దయ ఉంచి నా మిరప చేను సరిహద్దు దయతో కొలిపించవలసిందిగా మిక్కిలి వినయపూర్వకంగా ప్రార్థించి వేడుకొనుచున్నాను."

దయ మూడుసార్లు. ప్రార్థన ఒకటి, వేడుకోలు ఒకటి. కొత్త మాట ఒక్కటీ రాయకుండా పెన్సిలుతో కొట్టేస్తూ పోయాను. మిగిలింది: "తమరు దయచేసి నా మిరప చేను సరిహద్దు కొలిపించవలసిందిగా వేడుకొనుచున్నాను."

"దయచేసి కూడా తీసేయొచ్చు బాబాయ్. 'వలసిందిగా వేడుకొనుచున్నాను'లోనే మర్యాద ఉంది" అన్నాను. "అమ్మో, వద్దు" అన్నాడు. సరే, ఉంచేశాను. ఉత్తరం ఆయనది.

కింద ఇంకో వాక్యం ఉంది: "చుట్టుపక్కల రైతులకు దయచేసి కబురు చేయించండి." ఈ 'దయచేసి' జోలికి వెళ్లలేదు. ఇది వేరే కోరిక. పైగా క్రియ 'చేయించండి' అని ఉంది. దయ తీసేస్తే హుకుం జారీ చేసినట్టుంటుంది. మాట రెండోసారి వచ్చిందా అని కాదు, ఒకే కోరికకు రెండుసార్లు తగిలించామా అని చూసుకోవాలి.

ధన్యవాదాలూ అంతే. "ముందస్తు ధన్యవాదములు" అని ఒకచోట, సంతకం పైన "ముందుగానే కృతజ్ఞతలతో" అని మరోచోట. మొదటిది కొట్టేశాను. కానీ "కిందటేడు దారి తగాదా తీర్చినందుకు ధన్యవాదములు" అన్నది ఉంచాను. అది జరిగిన మేలుకు చెప్పింది, జరగబోయేదానికి కాదు.

ఇంగ్లీషులో రాసినా ఇదే లెక్క. 'కైండ్లీ ప్లీజ్' అంటే ఒకే పనికి ఇద్దరు కూలీలు. ఏదో ఒకటి చాలు. 'ఐ రిక్వెస్ట్ యూ టు' అని మొదలెడితే ఆ రెండూ అక్కర్లేదు.

అంతా అయ్యాక పైకి చదివాను. ఎవరు, ఏం, ఎక్కడ? అక్కడ ఆగిపోయాను. సర్వే నంబరు లేదు! ఇన్ని దయల మధ్య ఆ లోటు నాకూ కనబడలేదు, ఆయనకూ కనబడలేదు. అలాగే ఇచ్చి ఉంటే ఏ చేను కొలవాలో తెలియక కాగితం తిరిగొచ్చేది.

నంబరు నాకు గుర్తున్నట్టే ఉంది. అయినా రాయలేదు. దిద్దేవాళ్లు ఊహించి నింపకూడదు. పక్కన "సర్వే నంబరు?" అని రాసి ఇచ్చాను. బాబాయి సంచీలోంచి పాసు పుస్తకం తీసి, చూసి, తన చేత్తోనే రాసుకున్నాడు. నా జ్ఞాపకంలో ఒక అంకె తప్పు.