సగ్గుబియ్యపు పొక్కులు, మూడు మందుల ట్యూబు

చేతివేళ్ల పక్కల, చర్మం లోపల సగ్గుబియ్యపు గింజలు పొదిగినట్లుగా చిన్న చిన్న నీటిపొక్కులు లేస్తాయి. మొదట నిద్ర పట్టనీయని దురద. రెండు మూడు వారాలకు పొక్కులు ఎండి, పొట్టు లేచి, ఒక్కొక్కప్పుడు చర్మం పగిలి మంట పుట్టిస్తుంది. దీనిని డిస్‌హైడ్రోటిక్ ఎగ్జిమా అంటారు. మన వీధుల్లో మాత్రం దీని పేరు తామర. దీనికి మందు, దుకాణదారుడు అడగకుండానే అందించే మూడు మందుల ట్యూబు. ఆ పేరూ తప్పే, ఆ మందూ తప్పే.

ఆ ట్యూబులో ఏముంటుంది? సాధారణంగా ఒక తీవ్రమైన స్టెరాయిడ్, ఒక శిలీంధ్రనాశని, ఒక యాంటీబయాటిక్. ఈ పొక్కుల్లో శిలీంధ్రమూ లేదు, సూక్ష్మజీవీ లేదు. ఉన్నది చర్మపు వాపు మాత్రమే. కనుక మూడింటిలో పనిచేసేది స్టెరాయిడ్ ఒక్కటే. మూడు రోజుల్లో దురద తగ్గుతుంది, రోగి మందు మానేస్తాడు, పది రోజులకు పొక్కులు మళ్ళీ లేస్తాయి. ‘తామర మొండిది’ అన్న నమ్మకం బలపడుతుంది, మరొక ట్యూబు అమ్ముడవుతుంది. ఒకవేళ అది నిజంగా తామరే అయితే హాని మరింత ఎక్కువ: స్టెరాయిడ్ దాని రూపాన్ని మరుగుపరచి, లోలోపల విస్తరింపజేస్తుంది. ఈ ట్యూబులు కొన్నింటిలో ఉండే నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ తానే అలర్జీ కలిగించి, కొత్త ఎగ్జిమాకు కారణం కాగలదు. స్టెరాయిడ్ పూతమందులను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం నిబంధన తెచ్చింది. అది ఎంతవరకు అమలవుతున్నదో మీ వీధి చివరి దుకాణంలో చూడవచ్చు. తప్పంతా దుకాణదారుడిదే అనను. చేతిని సరిగా చూడకుండా ఇదే ట్యూబు రాసిన వైద్యులం మేమూ ఉన్నాము.

పేరు విషయంలో వైద్యశాస్త్రమూ పొరబడింది. 1873లో టిల్బరీ ఫాక్స్ అనే ఆంగ్ల వైద్యుడు ఇది చెమట గ్రంథుల లోపమని తలచి ‘డిస్‌హైడ్రోసిస్’ అన్నాడు. తర్వాతి పరిశీలనల్లో చెమట నాళాలకూ ఈ పొక్కులకూ సంబంధం కనబడలేదు. అయినా వేసవిలో, చెమట ఎక్కువైనప్పుడు ఇది రేగడం నిజమే. మానసిక ఒత్తిడి, నీళ్లలో నానే పని, సబ్బులు, కొందరిలో నికెల్ లోహం కూడా దీనిని రేపుతాయి. చాలామంది ఊహించని కారణం మరొకటుంది: అది కాలిలో ఉంటుంది.

కర్రీ పాయింట్ నడిపే ఒక ఇల్లాలు వరుసగా మూడవ వేసవిలో నా దగ్గరకు వచ్చింది. రెండు చేతుల వేళ్ల పక్కలా పొక్కులే. అప్పటికి ఆరు ట్యూబులు వాడింది. “చెప్పులు విప్పమ్మా” అంటే, “జబ్బు చేతికి కదా డాక్టరుగారూ?” అని ఆశ్చర్యపోయింది. రోజంతా తడి నేల మీద నిలబడిన ఆ పాదాల్లో చివరి రెండు వేళ్ల సందు తెల్లగా నాని ఒరిసిపోయి ఉంది. రెండు చోట్లా చర్మపు పొట్టు గీకి, పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి సూక్ష్మదర్శినిలో చూశాము. కాలి పొట్టులో శిలీంధ్రపు పోగులు ఉన్నాయి, చేతి పొట్టులో లేవు. కాలిలోని శిలీంధ్రానికి శరీరం చూపిన ప్రతిచర్య చేతిలో పొక్కులై లేచిందన్నమాట. చేతికి శిలీంధ్రనాశని ఎంత పూసినా ఏం లాభం?

కాలివేళ్ల సందులకు టెర్బినాఫిన్ పూత, సందులు పొడిగా ఉంచుకోవడం. చేతులకు పూటకు పది నిమిషాలు చల్లని తడిగుడ్డ. తర్వాత రాత్రిపూట క్లోబెటసాల్ లేపనం పలుచగా, రెండు వారాలు, ఆపైన రోజు విడిచి రోజు మరొక వారం. కొలత సులభం: చూపుడువేలి మొదటి కణుపు పొడవున పిండిన మందు ఒక చేతి రెండు వైపులకూ చాలు, వేళ్ల అంచులకైతే అందులో సగమైనా అక్కరలేదు. చేయి కడిగిన ప్రతిసారీ తుడుచుకుని వాజిలైన్. అంట్లకు రబ్బరు తొడుగు, దాని లోపల నూలు తొడుగు. ఒట్టి రబ్బరులో చెమట పట్టి పొక్కులు మళ్ళీ రేగుతాయి. వెల్లుల్లి ఒలిచే పని కోడలికి అప్పగించింది. ఆ అప్పగింత అంత తేలికగా జరగలేదని తర్వాత తెలిసింది!

మూడు వారాల్లో చేతులు చక్కబడ్డాయి. మరుసటి వేసవిలో నాలుగైదు పొక్కులు లేచాయి, వారంలో అణగిపోయాయి. ఈ జబ్బు శాశ్వతంగా పోతుందని నేను ఆమెకు చెప్పలేదు, మీకూ చెప్పను.

పొక్కులను సూదితో గుచ్చకండి. వేడి ఉప్పునీళ్లలో చేతులు ముంచకండి, ఆ క్షణపు హాయి తర్వాత దురద రెట్టింపవుతుంది. చీము, పసుపు పెచ్చు, సలుపు, జ్వరం కనబడితే అప్పుడు నిజంగానే యాంటీబయాటిక్ అవసరం కావచ్చు. వెంటనే వైద్యునికి చూపండి. ఇంట్లో మరొకరికీ రాత్రిపూట వేళ్ల సందుల్లో దురద ఉంటే అది గజ్జి కావచ్చు. ఒక్క చేతికే పొట్టు లేస్తూ ఉంటే శిలీంధ్రాన్ని అనుమానించి, పొట్టు గీకి చూడమని అడగండి. నిమిషాల్లో తేలిపోయే పరీక్ష అది. ట్యూబు కొనే ముందు జరగవలసినది.