ఈతను మాన్పించడం కాదు, వేళను మార్చడం

సంపాదకులకు,

ఎగ్జిమా, అంటే చర్మపు పైపొర బలహీనపడి తేమ నిలవక దురద పుట్టే జబ్బు, ఉన్న పిల్లలు ఈతకొలనుకు దూరంగా ఉండాలన్న గత సంచికలోని లేఖ సగం నిజమే చెప్పింది. క్లోరిన్ చర్మపు సహజ నూనెలను కడిగివేస్తుందన్నది వాస్తవమే అయినా, కళ్లను మండించే ఘాటైన వాసన ప్రధానంగా క్లోరిన్‌ది కాక, చెమట, మూత్రాలతో అది కలిసినప్పుడు పుట్టే క్లోరమిన్లది కాబట్టి, ఆ వాసన అధికంగా ఉన్న కొలను ఆ పూటకు తగదని గ్రహించాలి.

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతంలో వేసవి శిక్షణకు వెళ్లే ఆరేళ్ల బిడ్డను ఉదాహరణగా తీసుకుంటే, జనం కిక్కిరిసే సాయంత్రం కంటే ఎండ ముదరని ఉదయం మేలు. అయితే రాత్రి క్లోరిన్ మోతాదు పెంచే అలవాటుందేమో, నీటి పరీక్ష ఎప్పుడు జరిగిందో నిర్వాహకులను ముందే అడగాలి. దిగడానికి అరగంట ముందు వాసన లేని చిక్కని లేపనాన్నో పెట్రోలియం జెల్లీనో మోచేతి, మోకాలి మడతలకు పూయాలి. అది జారుతుంది గనుక బిడ్డను గట్టు మీద పట్టుకొని నడిపించాలి. బయటికి రాగానే గోరువెచ్చని మంచినీటితో కడిగి, రుద్దకుండా అద్ది, తడి ఆరకముందే మళ్లీ లేపనం రాయాలి. బోరునీటి కాఠిన్యం సబ్బుతో కలిస్తే చర్మం మరింత పొడిబారుతుంది కాబట్టి, మామూలు సబ్బును విడిచిపెట్టడం మంచిది.

పుండ్లు రసి కారుతున్నా, పసుపు పెచ్చులు కట్టినా అది సూక్ష్మజీవుల సంక్రమణకు సూచన. అప్పుడు ఈత ఆపి చర్మవైద్యులకు చూపించాలని తల్లిదండ్రులకు మనవి.

— ఒక పాఠకురాలు, పంజాగుట్ట