పడితినా, పాడితినా?

ఆరాధన అయ్యాక సంఘంలోని ఒక పెద్దమ్మ నన్ను ఆపి అడిగారు: "అయ్యగారూ, ఆ కొత్త పాటలో మనం దేవుని వాకిట పడ్డామా, పాడామా?" యువత కోసం ఒక ఇంగ్లీషు కీర్తన బాణీకి నేనే మాటలు రాశాను. నేను రాసింది "నీ వాకిట నే పడితి" అని. పిల్లలు పాడింది "పాడితి" అని. తప్పు పిల్లలది కాదు, నాది. ఆ తప్పు ఎక్కడ జరిగిందో వెతికితే, రెండు భాషల నిర్మాణానికి మధ్య ఉన్న తేడా బయటపడింది.

ఇంగ్లీషు కీర్తనల్లో 'కామన్ మీటర్' అనే కొలత చాలా ప్రసిద్ధం. మొదటి పాదానికి ఎనిమిది అక్షరాలు, రెండో పాదానికి ఆరు, మళ్ళీ ఎనిమిది, మళ్ళీ ఆరు. 'అమేజింగ్ గ్రేస్' ఈ కొలతలోనిదే. అయితే అక్షరాల లెక్క పైకి కనిపించేది మాత్రమే. లోపల పనిచేసేది ఊనిక. ఇంగ్లీషులో ప్రతి పెద్ద మాటలోనూ ఒక అక్షరాన్ని ఊది పలకాలి. 'రికార్డ్' అనే మాటనే చూడండి. నామవాచకమైతే ఊనిక మొదటి అక్షరం మీద, క్రియ అయితే రెండో అక్షరం మీద పడుతుంది. కామన్ మీటర్‌లో ఆ ఊనిక రెండు, నాలుగు, ఆరు, ఎనిమిదో అక్షరాల మీద పడేలా పాదాన్ని కడతారు. 'అమేజింగ్ గ్రేస్' బాణీలో ఊనిక ఉన్న చోట స్వరం రెండు లెక్కలు, లేని చోట ఒక లెక్క నిలుస్తుంది.

తెలుగులో మాట అర్థాన్ని మార్చే ఊనిక లేదు. మనకు అర్థాన్ని మార్చేది నిడివి. పడు వేరు, పాడు వేరు. మరణం వేరు, మారణం వేరు. అందుకే మన ఛందస్సు నిడివి మీద నిలబడింది. హ్రస్వం లఘువు, దానికి ఒక మాత్ర. దీర్ఘం గురువు, దానికి రెండు మాత్రలు. సున్న ఉన్న అక్షరమూ, మాట లోపల ద్విత్వానికీ సంయుక్తాక్షరానికీ ముందున్న అక్షరమూ గురువులే.

ఇప్పుడు నా పాదాన్ని ఆ బాణీలో పెట్టి చూడండి. నీ, వా, కి, ట, నే, ప, డి, తి. సరిగ్గా ఎనిమిది అక్షరాలు. లెక్క కుదిరిందని నేను సంతోషించాను. కానీ బాణీ సాగదీసేది రెండు, నాలుగు, ఆరు, ఎనిమిదో అక్షరాలను. రెండోది 'వా', ఎలాగూ దీర్ఘమే. నాలుగోది 'ట', అది 'టా' అయింది. అయిదోది 'నే', సాగాల్సిన చోట కుంచించుకుపోయింది. ఆరోది 'ప', అది 'పా' అయింది. అక్కడే పడినవాడు పాడినవాడయ్యాడు.

అదే పాదాన్ని మాత్రలతో కొలిస్తే ఇలా విడుతుంది: నీవా, కిట నే, పడితి. నాలుగు, నాలుగు, మూడు. చివర ఒక మాత్ర విరామం ఇస్తే చతురశ్రగతిలో హాయిగా నడుస్తుంది, ఏ అక్షరమూ సాగదు, ఏదీ చితకదు. అంటే మాటల్లో లోపం లేదు. మార్చవలసింది బాణీని. ఇప్పుడు మేము ఆ పాటను అలాగే పాడుకుంటున్నాం.

అక్షరాలు లెక్కపెట్టి అనువదించడంలో ఇంకో చిక్కు కూడా ఉంది. మన భాష ధాతువుకు ప్రత్యయాలు వెనక తగిలించుకుంటూ పోతుంది. 'రక్షించబడినవారు' అన్న ఒక్క మాటకే ఎనిమిది అక్షరాలు. పాదం అక్కడితో నిండిపోయింది! ఇంగ్లీషులో అదే ఎనిమిది అక్షరాల్లో ఒక వాక్యం పడుతుంది. కాబట్టి అనువాదకుడు సగం భావం వదిలేస్తాడు, లేదా మాటలను విరుస్తాడు.

ఈ ప్రత్యయాల వల్లే ప్రాస సంగతి కూడా మారుతుంది. ఇంగ్లీషు పాటలో ప్రాస పాదం చివర ఉంటుంది. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది, దాని తోక చాలాచోట్ల ఒకటే. వచ్చెను, ఇచ్చెను, చూచెను, చేసెను. చివర ప్రాస కలపడానికి ఇక్కడ శ్రమే లేదు. శ్రమ లేని చోట చెవికి పెద్దగా ఆనందమూ ఉండదు. మాటకు మాటకు తేడా తెలిసేది ముందు భాగంలో, ధాతువు దగ్గర. మన పద్యంలో ప్రాస పాదం మొదట్లో, రెండో అక్షరం దగ్గర ఉండడానికి ఇదే కారణమని నాకు తోస్తుంది. తమిళనాడులో చదువుకున్న మన పిల్లలకు 'ఎదుగై' తెలుసు, కర్ణాటకలో చదువుకున్నవారికి కన్నడ ప్రాస తెలుసు. అవీ రెండో అక్షరానివే. ఈ మూడూ ప్రత్యయాలను వెనక చేర్చుకునే భాషలే.

ద్విపదతో ఇది బాగా తెలుస్తుంది. పాదానికి మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం. మూడో గణం మొదటి అక్షరం పాదం మొదటి అక్షరంతో కలిస్తే యతి. రెండు పాదాల్లోనూ రెండో హల్లు ఒకటే అయితే ప్రాస. మా పిల్లలకు చూపించడానికి ఇలా అల్లాను:

పారుటే నేర్చిన పల్లపు నీరు
చేరిన చోటెల్ల చెలమయై యూరు

'పా'కు 'ప', 'చే'కు 'చె' యతి. 'పారు', 'చేరి'లలోని రకారం ప్రాస. ఇక అక్షరాలు లెక్కపెట్టండి: మొదటి పాదంలో పదకొండు, రెండోదానిలో పన్నెండు. అయినా చెవికి కుంటినట్టు అనిపించదు, ఎందుకంటే గణాలు సరిపోయాయి. 'పల్లపు' తీసి 'లోతట్టు' పెట్టి చదవండి. అర్థం అదే, గణమూ సరిపోతుంది. కానీ 'పా'కు జవాబు రావలసిన చోట 'లో' వచ్చింది, పాదం మధ్యలో ఆసరా పోయింది. 'చేరిన' తీసి 'చెందిన' పెట్టండి. యతి నిలిచింది, ప్రాస పోయింది, రెండు పాదాలూ ఒకదానికొకటి పరాయివైపోయాయి.

ద్విపద పండితుల సొత్తు అనుకోకండి. పాల్కురికి సోమనాథుడు బసవపురాణానికి దాన్ని ఎంచుకున్నది సామాన్యులు పాడుకోవాలనే.

కవిత్వంలో భాష దాటి రాగలిగేది లేదా? ఉంది. హీబ్రూ కీర్తనల్లో ఒక చరణం చెప్పిన భావాన్ని రెండో చరణం మరోలా చెబుతుంది. అది భావాల జోడీ కాబట్టి తెలుగులోకీ క్షేమంగా వచ్చింది. కానీ 119వ కీర్తన చూడండి. హీబ్రూ అక్షరాలు 22. ఒక్కో అక్షరంతో ఎనిమిదేసి వచనాలు మొదలవుతాయి, మొత్తం 176. ఆ అక్షరాల వరుస అనువాదంలో నిలవలేదు. భావం దాటింది, శబ్దం ఒడ్డునే ఆగిపోయింది.

కాబట్టి నా మాట ఇది. బయటి బాణీ నచ్చితే నేర్చుకుందాం, కానీ దానికి తెలుగు మాటలు పెట్టేటప్పుడు అక్షరాలు కాదు, మాత్రలు లెక్కపెడదాం. సాగే ప్రతి స్వరం కింద గురువు ఉందో లేదో చూద్దాం. లేకపోతే మాటనైనా మార్చాలి, బాణీనైనా మార్చాలి. పాటలను ఇంగ్లీషు లిపిలో పంచే అలవాటు కూడా మానాలి, ఎందుకంటే ఆ రాతలో పడు, పాడు తరచూ ఒకేలా ఉంటాయి. చెన్నైలో, బెంగళూరులో, బరంపురంలో బడిలో తెలుగు లేని మన పిల్లలు ఎందరికో తెలుగు వినబడేది ఇంట్లోనూ పాటలోనే. పాట తప్పు నిడివి నేర్పితే, దాన్ని సరిచేసే బడి వాళ్ళకు లేదు.